పార్శ్వపు నొప్పి గల ఉద్యోగి మేనేజరుకు వ్రాయదగిన లేఖ

తలలో ఒక వైపు పోటుతో మొదలై, వెలుతురును, చప్పుడును ఓర్వనీయని నొప్పిని తెలుగువారు పార్శ్వపు నొప్పి అంటారు. మరాఠీలో దీని పేరు అర్ధశిశి. వైద్యుల చీటీలో మైగ్రేన్ అని ఉంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడి, కార్యాలయంలో మరాఠీలో అర్జీ పెట్టుకొనే సిరొంచా ప్రాంతపు ఉద్యోగికి ఈ మూడు పేర్లూ తెలిసి ఉండడం మంచిది. అర్జీలో ‘తలనొప్పి’ అని మాత్రమే ఉంటే దానిని రెండు రోజుల సెలవు చీటీగానే చదువుతారు.

చికిత్స అందకపోతే ఒక్కొక్క దాడి 4 గంటల నుండి 72 గంటల వరకు ఉండవచ్చు. మూడు నెలలకు మించి, నెలకు 15 లేదా అంతకంటె ఎక్కువ రోజులు తలనొప్పి ఉండి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలు కనిపిస్తే వైద్యులు దానిని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. అంటే రోగి రోజులను లెక్కపెట్టి ఉండాలి. లేఖకు బలం ఆ లెక్కలోనే ఉన్నది, నొప్పి వర్ణనలో కాదు. ఎంత బాధగా ఉందో చదివిన మేనేజరు జాలిపడవచ్చును గాని, ఏమి చేయాలో ఆయనకు తెలియదు.

ఒక ఉదాహరణ చూద్దాం. సిరొంచాలోని ఒక ప్రైవేటు సంస్థలో ఒక యువతి కంప్యూటర్ ఆపరేటరు అనుకుందాం. పని వేళలు ఉదయం 10 నుండి సాయంత్రం 6 వరకు. శనివారం మధ్యాహ్నం 2 వరకు. ఆమె జూన్, జూలై, ఆగస్టు నెలలలో ఒక చిన్న నోటు పుస్తకంలో నొప్పి మొదలైన వేళ, అప్పుడు కూర్చున్న చోటు, వేసుకొన్న మాత్ర, ఆగిన పని వ్రాసుకొన్నది. 92 రోజులలో 48 రోజులు తలనొప్పి, వాటిలో 27 రోజులు తీవ్రమైన దాడి. ఆ 27లో 17 కార్యాలయంలోనే, మధ్యాహ్నం 2 గంటల తరువాత మొదలైనవి. ఆమె కుర్చీ పడమటి కిటికీకి ఎదురుగా ఉన్నది. ఎండ వాలుతున్న వేళకే నొప్పి వస్తున్నదని పుస్తకం చూసేవరకు ఆమెకే తెలియదు. అప్పుడు లేఖ ఇలా తయారవుతుంది.

“గౌరవనీయులైన మేనేజరు గారికి,

విషయం: దీర్ఘకాలిక మైగ్రేన్ కారణంగా కూర్చొనే చోటు, పని వేళలలో మార్పు కోరుట.

నాకు దీర్ఘకాలిక మైగ్రేన్ ఉన్నది. వైద్యుని పత్రం జతపరుస్తున్నాను. గడచిన మూడు నెలలలో 27 రోజులు తీవ్రమైన దాడి వచ్చినది. 6 రోజులు పూర్తిగా సెలవు పెట్టితిని, 9 రోజులు మధ్యలో ఇంటికి వెళ్లితిని. దాడులలో 17 కార్యాలయంలో మధ్యాహ్నం 2 తరువాత, కిటికీ వెలుగు తెరపై పడే వేళలో మొదలైనవి.

నా కుర్చీని కిటికీ ఎదుటి నుండి లోపలి గోడ పక్కకు, ప్రింటరుకు, కౌంటరుకు దూరంగా మార్చవలసినదిగా కోరుతున్నాను. నా తలపైనున్న ట్యూబ్‌లైటును తీసివేయించినచో బల్లదీపం నేనే తెచ్చుకొందును. పని వేళలు ఉదయం 9 నుండి సాయంత్రం 5 వరకు ఉండనీయవలెను. దాడి వచ్చిన రోజున మాత్ర వేసుకొని రికార్డుల గదిలో రెండు గంటలు విశ్రమించుటకు అనుమతించినచో, ఆ రెండు గంటలు అదే వారంలో శనివారం మధ్యాహ్నం 2 తరువాత పని చేసి పూర్తి చేయుదును. ఆ సమయంలో నా కౌంటరు చూచుటకు పక్క బల్ల సహోద్యోగి అంగీకరించినారు.

ఈ ఏర్పాటును ఎనిమిది వారాలు పరీక్షించి చూడవలసినదిగా ప్రార్థన. ఆ తరువాత నా పనిదినాల లెక్క మీ ముందుంచెదను.

విధేయురాలు, కంప్యూటర్ ఆపరేటర్.”

ఇందులో ‘పని తగ్గించండి’ అన్న మాట లేదు. గంటలు పోవడం లేదు, చోటు మారుతున్నది. ఎనిమిది వారాల గడువు మేనేజరుకు కూడా వెసులుబాటు ఇస్తుంది. శాశ్వతంగా ఒప్పుకోవలసి వస్తుందన్న భయం ఉండదు.

వేళల విషయంలో చాలామంది పొరబడేది ఒకటున్నది. వీలైనప్పుడు వచ్చి వీలైనప్పుడు వెళ్లే ఏర్పాటు మైగ్రేన్ రోగికి మేలు చేయదు. నిద్రలేచే వేళ రోజుకొక తీరుగా మారడం, భోజనం వేళ తప్పడం దాడిని రేపే కారణాలలో ముఖ్యమైనవి. కావలసింది దాడి రోజున రెండు గంటల సడలింపు, మిగిలిన రోజులలో మారని వేళ. అందుకే ఆమె ప్రతిరోజూ 9 గంటలే కోరినది. మారుతూ ఉండే రాత్రి షిఫ్టులు ఉన్నచోట వాటినుండి మినహాయింపు అడగడం అన్నిటికంటె ముందు రావాలి.

వెలుతురు సంగతికి వస్తే, ఇనుప చోకు గల పాత ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కంటికి తెలియకపోయినా కొందరికి తలనొప్పి తెస్తుంది. చవక ఎల్‌ఈడీ దీపాలలోనూ కొన్ని ఇలాగే మినుకుతాయి. మొబైల్ కెమెరాను దీపం వైపు పట్టినప్పుడు తెరపై నల్లని చారలు కదిలితే మినుకు ఉన్నట్లే. అయితే చీకటి గది కోరడం పొరపాటు. రోజంతా చీకటిలో, నల్ల కళ్లద్దాలతో గడిపితే కన్ను వెలుతురుకు మరింత సున్నితమవుతుంది. మెత్తని, నేరుగా కంటిలో పడని వెలుతురు చాలు. పూర్తి చీకటి దాడి సమయంలో మాత్రమే.

వైద్యుని పత్రంలో ‘మైగ్రేన్, విశ్రాంతి అవసరం’ అని ఉంటే సరిపోదు. వ్యాధి ఎంతకాలంగా ఉన్నది, వెలుతురు, చప్పుడు ఓర్వలేని లక్షణం ఉన్నదా, కార్యాలయంలో ఏ మార్పు ఎంతకాలం అవసరం అన్నవి వ్రాయించుకోవాలి. స్కానింగ్ కాగితాలు, మాత్రల జాబితా మేనేజరుకు ఇవ్వనవసరం లేదు. నోటు పుస్తకం వైద్యునికి మరొక విధంగా కూడా ఉపయోగిస్తుంది: మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, మైగ్రేన్ కోసమే ఇచ్చే ట్రిప్టాన్ మాత్రలు 10 రోజులు లేదా అంతకు మించి నెలల తరబడి వాడితే మాత్రల వల్లనే తలనొప్పి పెరగవచ్చును. అటువంటప్పుడు కుర్చీ మార్చినా ఫలితం కనిపించదు.

చట్టం ఎంతవరకు అండగా నిలుస్తుందన్నది తెలిసి అడగాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టపు జాబితాలో మైగ్రేన్ పేరు విడిగా లేదు. ప్రభుత్వ సంస్థలు దివ్యాంగ ఉద్యోగులకు సముచిత సర్దుబాటు కల్పించాలని ఆ చట్టంలోని 20వ సెక్షన్ చెబుతున్నది. ప్రైవేటు సంస్థలపై ఆ సెక్షన్ ఈ భారం మోపలేదు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, వ్రాసేటప్పుడు చేయి బిగుసుకుపోయే నాడీ సమస్య గల అభ్యర్థికి 40 శాతం వైకల్యం లేకున్నా పరీక్షలో లేఖకుని సహాయం ఇవ్వాలని తీర్పు చెప్పినది. సముచిత సర్దుబాటుకు 40 శాతం హద్దు కాదన్న ఆ తీర్పును ప్రభుత్వోద్యోగి తన అర్జీలో ప్రస్తావించవచ్చును. ప్రైవేటు ఉద్యోగి లేఖలో చట్టం మాట మొదటే ఎత్తకపోవడం మేలు; అక్కడ పని చేసేది నోటు పుస్తకంలోని లెక్కే.

లేఖను మరాఠీలో రెండు ప్రతులు తయారు చేసి, ఒకటి కార్యాలయంలో ఇచ్చి, రెండవ దానిపై ఆవక్ క్రమాంకం, తేదీ, ముద్ర వేయించుకోవాలి. దీనినే పోచ్ అంటారు. నోటిమాటగా కాదన్నచో కారణం వ్రాసి ఇవ్వవలసిందిగా మరొక చిన్న చీటీ పెట్టాలి. ప్రభుత్వ సంస్థలలో 23వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. అక్కడ తేలనిచో పుణెలోని రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు వ్రాసుకొనవచ్చును. అప్పుడు మొదట జతచేయవలసినవి పోచ్ ఉన్న ప్రతి, వైద్యుని పత్రం, మూడు నెలల లెక్క.