ఏఐ ప్రాంప్ట్‌లో ‘కలర్‌ఫుల్’ అంటే చాలదు.. గండికోట రంగులు గండికోటలాగే రావాలంటే ఇలా రాయాలి

కడప జిల్లా గండికోట మీద ఏఐతో ఓ చిన్న రీల్ చేద్దామని ‘కలర్‌ఫుల్ గండికోట లోయ’ అని టైప్ చేస్తే తరచూ ఏమొస్తుందో తెలుసా? ఊదారంగు ఆకాశం, గులాబీ మబ్బులు, ముదురు నీలం నది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ జమ్మలమడుగు వాళ్లకు చూపిస్తే మాత్రం ‘ఇది మన గండికోట కాదు’ అని ఒక్క చూపులో తేల్చేస్తారు.

బొమ్మలు, వాటి పక్కన ఉండే వివరణలు కలిపి చూస్తూ ఈ టూల్స్ నేర్చుకుంటాయి. ‘కలర్‌ఫుల్’ అనే మాట ఎక్కువగా కనిపించేది రకరకాల గాఢమైన రంగులున్న బొమ్మల పక్కనే. అందుకే ఆ మాట పడగానే టూల్ అన్ని రంగులూ కుమ్మరించేస్తుంది. ఏ రంగు కావాలో, ఎంత కావాలో మనం చెప్పనే లేదు కదా!

ముందు లెక్క వేసుకోవాలి

పెన్నా లోయలో నిజానికి ఉన్నవి మూడే ప్రధాన రంగులు. ఇటుక ఎరుపు, తుప్పు రంగు కలిసిన రాళ్లు. పైన లేత నీలి ఆకాశం. రాళ్ల మధ్య సన్నని గీతలా ఆకుపచ్చ ఛాయ ఉన్న నీరు. నిలువు రీల్‌లో రాళ్లకు 60 శాతం, ఆకాశానికి 30, నీటికి 10 అనుకుంటే ప్రాంప్ట్ ఇలా వస్తుంది:

```
గండికోట లోయ, నిలువు ఫ్రేమ్, ఉదయం వెలుతురు.
ఫ్రేమ్‌లో 60 శాతం ఇటుక ఎరుపు, తుప్పు రంగు రాళ్లు, రెండు పక్కలా, కింద.
పైన 30 శాతం లేత నీలి ఆకాశం, మబ్బులు లేవు.
మధ్యలో సన్నగా 10 శాతం ముదురు ఆకుపచ్చ నది.
```

ఇక్కడో తిరకాసు ఉంది. టూల్ స్కేలు పెట్టి 60 శాతం కొలవదు. ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న సూచనగానే తీసుకుంటుంది. అందుకే అంకె ఒక్కటే కాకుండా ఆ రంగు ఏ వస్తువుదో, ఫ్రేమ్‌లో ఎక్కడుందో కూడా రాయాలి. ‘60 శాతం ఎరుపు’ అని ఊరుకుంటే ఆకాశం కూడా ఎర్రబడొచ్చు. వెలుతురు సంగతీ అంతే. సూర్యాస్తమయం అని రాస్తే రాళ్లు, నీళ్లు, ఆకాశం అన్నీ నారింజలో మునిగిపోతాయి. ఆ తర్వాత ‘లేత నీలి ఆకాశం’ అని ఎంత మొత్తుకున్నా పెద్దగా లాభం ఉండదు.

తెలుగులో ప్రాంప్ట్ రాసేవాళ్లు మరో మాట విషయంలో జాగ్రత్తపడాలి. అది ‘పచ్చ’. మనకు పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. సందర్భాన్ని బట్టి మనిషికి అర్థమవుతుంది గానీ టూల్ ఎటైనా పోవచ్చు. ఆకుపచ్చ కావాలంటే ఆకుపచ్చ అనే రాయాలి. కుదిరితే చిలకాకుపచ్చ, ముదురు ఆకుపచ్చ అని ఇంకాస్త విడమరచాలి.

చీర రంగు ఆకులకు అంటుకుంటే..

పులివెందుల వైపు తుమ్మలపల్లె అంటే చాలామందికి యురేనియం గనే గుర్తొస్తుంది. ఆ చుట్టుపక్కల అరటి తోటలూ ఉన్నాయి. పసుపు చీర కట్టుకున్న ఓ మహిళ అరటి తోటలో నడుస్తున్నట్టు వీడియో కావాలనుకోండి. చీర పసుపు ఒక్కోసారి పక్కనున్న ఆకుల మీదికి పాకుతుంది. ఒకే వాక్యంలో రెండు మూడు రంగులు కలిపి రాస్తే ఈ ఇబ్బంది ఎక్కువ. సిటీలో చూసేవాళ్లు పట్టించుకోరేమో గానీ, అరటి రైతు కంటికి పసుపు ఆకంటే తెగులో, పోషకాల లోపమో! తోట బాగుందని చెప్పాల్సిన వీడియో తోట పాడైందని చెబుతుంది.

ఇలాంటప్పుడు తోటకు ఒక వాక్యం, చీరకు ఒక వాక్యం విడివిడిగా రాయాలి. ‘ఫ్రేమ్‌లో 80 శాతం ముదురు ఆకుపచ్చ అరటి ఆకులు’ అని ఒకటి. ‘మధ్యలో ఒకే మహిళ, పసుపు చీర, ఫ్రేమ్‌లో 10 శాతం’ అని మరొకటి. మిగతా 10 శాతం ఎర్రమట్టి బాట.

వచ్చిన బొమ్మ సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఓ సులువైన పద్ధతి ఉంది. ఫోన్ గ్యాలరీలో దాన్ని గోరంత థంబ్‌నెయిల్‌గా చూడాలి. వివరాలన్నీ పోయి రంగుల ముద్దలే మిగులుతాయి. ఏ ముద్ద పెద్దదో అప్పుడు ఇట్టే తెలిసిపోతుంది. తేడా కనిపిస్తే ప్రాంప్ట్ మొత్తం మార్చొద్దు. ఆ ఒక్క రంగు వాక్యాన్నే సరిదిద్ది మళ్లీ ప్రయత్నించాలి. లేకపోతే ఏ మార్పు పనిచేసిందో అంతుపట్టదు.

వీడియోలో ఇంకో చిక్కుంది. మొదటి సెకనులో ఉన్న రంగు చివరిదాకా నిలవకపోవచ్చు. అందుకే ముందు ఒక్క ఫొటో చేసుకుని, రంగులు కుదిరాకే దాన్ని వీడియోగా మార్చడం మేలు. ఆ తర్వాత మొదటి ఫ్రేమ్, చివరి ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి పక్కపక్కన పెట్టి చూస్తే, రంగు ఎక్కడైనా జారిందేమో అప్‌లోడ్ చేయకముందే దొరికిపోతుంది.