పళ్లకు నీలిమందు

పాత పంచెకు పసుపు ఛాయ వస్తే మన ఇళ్లలో ఎవరూ దానికి తెల్లరంగు పూయరు. బకెట్ నీళ్లలో నాలుగు చుక్కలు నీలిమందు వేసి, పంచెను ముంచి తీస్తారు. పంచె మీదికి కొత్తగా తెలుపేమీ వచ్చి చేరదు. నీలం వెళ్లి పసుపును చంపుతుంది, మిగిలినదాన్ని మన కన్ను తెలుపనుకుంటుంది. చుక్కలు ఎక్కువైతే మాత్రం ఎండలో ఆరేసిన పంచె పక్కింటివాళ్లక్కూడా నీలంగానే కనిపిస్తుంది. ఫోటోలో నవ్వే మనిషి గారపళ్లను బాగుచేసే విద్య కూడా ఈ బకెట్ దగ్గరికే వచ్చి చేరింది. కాకపోతే రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అంతకాలమూ ఫోటోగ్రాఫర్లు పంచెకు తెల్లరంగే పూస్తూ వచ్చారు.

తప్పు వాళ్లది కాదు. వాళ్ల ఫోటోలో పసుపనేదే లేదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో బయటపెట్టిన తడి కొలోడియన్ గాజుపలకకు నీలికాంతి ఒక్కటే బాగా ఆనేది. ఎరుపు, పసుపు రంగుల విషయంలో అది దాదాపు గుడ్డిది. నీలాకాశం తెల్లకాగితంలా పడితే, ఎర్రటి కుంకుమబొట్టు నల్లచుక్కలా పడేది. పన్ను పసుపుగా ఉందంటే అది నీలికాంతిని తక్కువగా తిప్పికొడుతోందని అర్థం. కాబట్టి ఎదురుగా కూర్చుంటే కొద్దిగా పచ్చగా కనిపించే పన్ను, పలక మీద మాత్రం పుచ్చిపోయినట్టు మురికి బూడిదరంగులో తేలేది. ఆ కాలపు ఫోటోల్లో జనం నోరు బిగించుకుని కూర్చోవడానికి చాలాసేపు కదలకుండా ఉండాల్సి రావడం ఒక కారణం, పళ్లు బయటపెట్టడం మర్యాద కాదనుకోవడం ఇంకో కారణం. కానీ సాహసించి నవ్వినవాళ్లకు ఆ పలక చేసిన న్యాయం ఇదీ. బెర్లిన్‌లో హెర్మన్ విల్హెల్మ్ ఫోగెల్ 1873లో పలకకు కొన్ని అద్దకపు రంగులు పట్టిస్తే ఆకుపచ్చ, పసుపు కూడా దానికి ఆనుతాయని కనిపెట్టాకే ఈ గుడ్డితనం తగ్గుతూ వచ్చింది.

ఈలోగా మందు వేరే దిక్కునుంచి వచ్చింది. మ్యూనిక్ ఫోటోగ్రాఫర్ ఫ్రాంజ్ హాన్‌ఫ్‌స్టాంగిల్ 1855 పారిస్ ప్రదర్శనలో ఒకే మనిషి బొమ్మను రెండు రకాలుగా పెట్టాడు. ఒకటి ఉన్నదున్నట్టు, రెండోది నెగెటివ్ మీద చెయ్యి చేసుకున్నాక. చూసినవాళ్లు నివ్వెరపోయారు. ఇందులోని కిటుకు తెలుసుకోదగ్గది. నెగెటివ్‌లో అంతా తలకిందులు, తెల్లగా రావలసింది అక్కడ నల్లగా ఉంటుంది. కాబట్టి పన్ను తెల్లబడాలంటే నెగెటివ్‌లో ఆ పన్ను మీద పెన్సిల్ రాయాలి. గ్రాఫైట్ కాంతికి అడ్డం పడుతుంది, కింద కాగితం మీద అక్కడ తెలుపు మిగులుతుంది. నల్లమసితో తెలుపును పుట్టించడమన్నమాట!

మా పెదనాన్న స్టూడియోలో ఈ పనిని ‘టచింగ్’ అనేవారు. ఏటవాలు బల్లకు గరుకు గాజు, దాని కింద వెలుతురును పైకి కొట్టే అద్దం. పెన్సిల్ మొనను గరుకు కాగితం మీద సూదిలా అరగదీసి, నెగెటివ్ మీద పెన్సిల్ పట్టేందుకు పలచని జిగురు పూత రాసి, కామాల్లాంటి చిన్న గీతలు పెట్టుకుంటూ పోవాలి. ఒక పన్ను నిండా గీతలు పెట్టడం సులువే. పన్నుకూ పన్నుకూ మధ్య సన్నటి నీడను వదిలిపెట్టడమే కష్టం. కొత్తగా చేరిన కుర్రాడు ఆ సందుల్లో కూడా పెన్సిల్ ఆడించేవాడు. ప్రింటు తీస్తే పెళ్లికొడుకు నోట్లో పళ్ల వరుస బదులు అడ్డంగా కొబ్బరిముక్క పెట్టినట్టుండేది.

ప్రింటు మీద పని ఇంకో పద్ధతి. ఎర్నెస్ట్ హోవర్డ్ ఫార్మర్ 1883లో చెప్పిన మందు అది, పొటాషియం ఫెర్రిసైనైడ్, హైపో కలిపినది. నిమ్మరసం రంగులో పలచగా కలిపి, అగ్గిపుల్లకు చుట్టిన దూదితో తడి ప్రింటులో పళ్ల మీద అద్దితే నల్ల వెండి కరిగి అక్కడ తేటపడుతుంది. కళ్ల తెల్లగుడ్లకూ ఇదే వాడేవారు. దూది తీశాక కూడా మందు కాసేపు పనిచేస్తూనే ఉంటుంది కనుక, చాలనిపించడానికి ముందే నీళ్లలో ముంచాలి. ఆలస్యమైతే వెండి మొత్తం పోయి ఉత్త కాగితం మిగులుతుంది. పన్నుకు ఉండే గుండ్రదనం, తడి మెరుపు అన్నీ పోతాయి. ఆ ప్రింటు ఇక చెత్తబుట్టకే.

పెన్సిల్‌దీ ఫార్మర్ మందుదీ ఒకటే లోపం. రెంటికీ తెలిసింది వెలుగు ఒక్కటే. రంగుల ఫోటో వచ్చాక పళ్ల పసుపు మొట్టమొదటిసారి పసుపుగానే బయటపడింది, దాంతో నీలిమందుకు చోటు దొరికింది. రంగుల ప్రింట్ల మీద టచింగ్ చేసేవాళ్లు పలచని నీలం అద్దకాన్ని పన్ను మీద తాకించి పసుపును తగ్గించేవారు. రంగును వెలుగు నుంచి విడదీసి దిద్దే పని అక్కడ మొదలైంది.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తుండిన థామస్ నోల్, సినిమా ట్రిక్కుల స్టూడియోలో పనిచేసే తమ్ముడు జాన్ నోల్ కలిసి చేసిన ఫోటోషాప్ 1990లో బయటికొచ్చింది. చిత్రమేమిటంటే ఫోటోషాప్ నేర్చుకునేవాళ్లంతా పళ్ల కోసం మొదట పట్టుకునేది Dodge Tool నే. దాని బొమ్మ చూడండి, పుల్లకు గుచ్చిన నల్ల అట్టముక్క. డార్క్‌రూంలో ఎన్‌లార్జర్ కాంతికి అడ్డంపెట్టి ఒక చోటును తేటపరచడానికి వాడిన పనిముట్టు అది. అంటే కొత్త ఇంట్లోకి పాత లోపాన్ని కూడా మోసుకొచ్చారు. పసుపు పన్నును దాంతో రుద్దితే వెలుగున్న పసుపు పన్ను వస్తుంది. ఇంకా రుద్దితే సున్నం కొట్టిన గోడ వస్తుంది.

సరైన దారి ఏమిటో ఒక బొమ్మతోనే చెబుతాను. మా బాబాయి షష్టిపూర్తినాడు ఫంక్షన్ హాల్లో పచ్చటి బల్బుల కింద, పిన్ని పగలబడి నవ్వుతుండగా ఎవరో ఫోన్లో తీసిన ఫోటో. ఎన్‌లార్జ్ చేయించి ఫ్రేము కట్టించాలని పిల్లల కోరిక. పళ్లు మరీ పచ్చగా ఉన్నాయి. అయితే పిన్ని కళ్ల తెల్లగుడ్లూ, బాబాయి పంచే కూడా పచ్చగానే ఉన్నాయి. అలాంటప్పుడు పళ్ల జోలికి పోకూడదు, ముందు మొత్తం ఫోటోకు వైట్ బ్యాలెన్స్ సరిచేయాలి. పంచె మీద క్లిక్ చేశాను, అది కూడా పసుపు రాసిన అంచు వదిలి. కొత్తబట్టలకు అంచున పసుపు పెడతాం కదా, అక్కడ క్లిక్ చేస్తే హాలంతా నీలమయ్యేది. సగం గార అక్కడే వదిలింది.

మిగిలింది నిజమైన పసుపు. ముందుపన్ను మధ్యలో కొలిస్తే ఎరుపు 214, ఆకుపచ్చ 190, నీలం 140. ఎరుపుకూ నీలానికీ 74 తేడా. తెల్లగుడ్డులో అదే తేడా 18. పళ్లను మాత్రం చుట్టి, అంచును ఒక పిక్సెల్ మెత్తబరిచి, Hue/Saturation పొరలో Master వదిలేసి Yellows ఎంచుకున్నాను. ఇలా ఎంచుకుంటే ఇంకో మేలుంది. చిగుళ్లు, పెదవులు ఎరుపువైపు రంగులు కాబట్టి గీత కాస్త అటు జరిగినా అవి పెద్దగా చెడవు. Master లో తగ్గిస్తే పెదవి అంచున చచ్చిన బూడిదరంగు గీత ఒకటి కనిపిస్తుంది, దొంగతనం అక్కడే పట్టుబడుతుంది. తేడా 74 నుంచి 30 దగ్గరికి వచ్చేదాకా Saturation తగ్గించి ఆగాను. ఆ తర్వాత Curves పొరలో నడిమి వెలుగును ఒక్క పిసరు లేపాను.

మరి 30 దగ్గరే ఎందుకు ఆగాలి, పసుపును పూర్తిగా తీసేస్తే పోలా? దీనికి జవాబు ఫోటోగ్రఫీ లోకానికి వెల్లడైన 1839లోనే అచ్చయింది. పారిస్‌లో గోబ్లాఁ అద్దకశాల చూసుకునే రసాయనవేత్త షెవ్రూల్ ఆ ఏడాది ఒక పుస్తకం వేశాడు. ఏ రంగైనా తన పక్కనున్న రంగుకు ఎదురు ఛాయను పులుముకుంటుందని అందులో రాశాడు. నేతగాళ్ల ఫిర్యాదుల నుంచి పుట్టిన సంగతి అది. నోట్లో పన్నుకు పక్కనున్నదంతా ఎరుపే, పైన చిగురు, చుట్టూ పెదవి. అసలు ఏ రంగూ లేని బూడిద తెలుపును అక్కడ పెడితే కన్ను దాన్ని నీలాకుపచ్చ చేసి చూస్తుంది. కృత్రిమంగా ఉందని మనకు తోచేది అందుకే. కొంచెం పసుపు మిగిలితేనే పన్ను తెల్లగా కనిపిస్తుంది. అసలు పన్ను తెల్లగా ఉండదు కూడా. పైనుండే ఎనామెల్ సగం పారదర్శకం, లోపలి డెంటిన్ పసుపు. వయసుతో ఎనామెల్ అరిగేకొద్దీ డెంటిన్ మరింత కనిపిస్తుంది. చిగురు దగ్గర పన్ను పచ్చగా, కొరికే అంచు దగ్గర కాస్త నీలిబూడిదగా ఉంటుంది. కోరపళ్లు ముందుపళ్ల కంటే పచ్చన. కట్టుడుపళ్లకు రంగు ఎంచడానికి డెంటిస్టులు వాడే వీటా పట్టీలో 16 ఛాయలుంటే వాటిలో ఒక్కటీ కాగితం తెలుపు కాదు.

అందుకే పిన్ని కోరపళ్ల మీద మాస్కును సగం తుడిచాను, పెదవి నీడలో ఉన్న వెనకపళ్ల మీద దాదాపు మొత్తం తుడిచేశాను. ముందుపళ్ల మీది తడి మెరుపును వెతుక్కున్నాను. పన్ను ఒళ్లంతా ఆ మెరుపంత వెలిగితే పని చెడినట్టే. ఆఖరుగా ఫోటోను బొటనవేలి గోరంత చేసి చూశాను. చూపు ముందు కళ్ల మీద పడాలి, పళ్ల మీద కాదు.

ఈ పద్ధతికి ఓ హద్దుంది. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన నల్లగొండవైపు వాళ్ల పళ్ల మీది గోధుమ మరకలు దీనికి సరిగ్గా లొంగవు. ఆ రంగు పసుపుకన్నా ఎరుపుకు దగ్గర, Yellows దాన్ని సగమే తాకుతుంది. పైగా అది పన్నంతా పరుచుకోకుండా చారలుగా ఉంటుంది. మరక మరకా విడిగా దిద్దాలి. దిద్దాలా వద్దా అన్నది ఆ మనిషినే అడగాలి.

ఫ్రేము పట్టుకెళ్లి ఇచ్చాను. పిల్లలంతా బాగుందన్నారు. పిన్ని కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూసి, “అంతా బానే ఉంది గానీ, నా బంగారు పన్ను ఏదిరా?” అంది. పక్కపన్నుకు ముప్ఫయ్యేళ్ల కిందట వేయించుకున్న బంగారు తొడుగు. Yellows కు గార, బంగారం ఒకటే. శుభ్రమైన అల్యూమినియం చేసి పెట్టింది. ఇంటికొచ్చి మాస్కులో ఆ ఒక్క పన్నునూ తుడిచి మళ్లీ ప్రింటు వేయించాను.