నిఘా నీడలో 21వ అధికరణం

దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన ఖరక్ సింగ్‌పై ఉత్తరప్రదేశ్ పోలీసులు నిఘా పెట్టారు. 1962లో సుప్రీంకోర్టు రాత్రివేళ ఇంటికి వచ్చి చూడటాన్ని మాత్రమే కొట్టివేసింది. కదలికలను గమనించడం తప్పుకాదన్నది. రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు విభేదించారు. వెంటాడే చూపుల నడుమ తిరిగేవాడికి స్వేచ్ఛ ఎక్కడిదన్నదే ఆయన వాదన సారం. గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమన్నారు. ఆ తీర్పులో ఆయనది మైనారిటీ పక్షమే.

భిలాయ్‌లోని కోహ్కా అప్పట్లో మధ్యప్రదేశ్‌లో ఉండేది. ఆ రాష్ట్ర నిఘా నిబంధనలను 1975లో గోవింద్ కేసులో కోర్టు రద్దు చేయలేదు. సమాజ భద్రతకు ముప్పు తెచ్చే నేరచరితులకే పరిమితం చేసింది. ఇది సగం అడుగే. సుబ్బారావు మాట చట్టం కావడానికి 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు రావలసి వచ్చింది.