ప్రాజెక్టు వైవా స్లైడ్ల క్రమం

ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టును పరీక్షకులకు వివరించే స్లైడ్ల వరుస. లక్ష్యం, పద్ధతి, ఫలితాలు, పరిమితులు ఇందులోని ప్రధాన భాగాలు. లక్ష్యం ‘వరి ఆకు ఫొటోలో అగ్గితెగులును గుర్తించడం’ అన్నంత స్పష్టంగా ఉండాలి. పద్ధతిలో ఫొటోలు ఎక్కడివో, శిక్షణకూ పరీక్షకూ ఎలా విడదీశారో చెప్పాలి.

ఎక్కువ నిలదీసేది ఫలితాల దగ్గరే. పరీక్షించిన 100 ఫొటోల్లో తెగులు ఉన్నవి 10 అనుకుందాం. అన్నీ బాగున్నాయనే ప్రోగ్రాముకూ 90 శాతం కచ్చితత్వం వస్తుంది, కానీ అది పట్టుకున్న తెగులు సున్నా. అందుకే ఆ 10లో ఎన్ని దొరికాయో, మిగతా 90లో ఎన్నిటిని పొరపాటున తెగులుగా చూపిందో పట్టికలో పెట్టాలి.

పరిమితుల్లో ‘సమయం చాలలేదు’ అనడం వల్ల ప్రయోజనం లేదు. ఫొటోలన్నీ ఒకే పొలంలో, పట్టపగలు తీసినవైతే ఆ సంగతే రాయాలి.