చైనా దాకా వెళ్ళైనా చదువుకోమన్న మాట: సహీహ్, దయీఫ్ అంటే ఏమిటి?

విద్య మీద ఎస్సే వస్తే మనలో చాలామంది కోట్ చేసే మాట ఒకటుంది. చైనా వరకు వెళ్ళాల్సి వచ్చినా సరే జ్ఞానం సంపాదించమని మహమ్మద్ ప్రవక్త చెప్పారని. కోచింగ్ నోట్సుల్లో, స్కూలు గోడల మీద, నాయకుల ఉపన్యాసాల్లో మీరూ చూసే ఉంటారు. హదీసు పండితులు మాత్రం దీన్ని దయీఫ్, అంటే బలహీనం అన్నారు. కొందరు ఇంకా ముందుకెళ్ళి కల్పితమన్నారు. మాట ఇంత మంచిదైతే బలహీనం ఎలా అవుతుంది? ఇక్కడే అసలు విషయం ఉంది. ఈ గ్రేడు మాట మంచిదా చెడ్డదా అని చెప్పదు. అది ప్రవక్త నుంచి మన దాకా ఏ దారిన వచ్చిందో చెబుతుంది.

ప్రతి హదీసుకూ రెండు భాగాలు. ఎవరి నుంచి ఎవరు విన్నారో చెప్పే పేర్ల గొలుసు ఇస్నాద్, చెప్పిన మాట మత్న్. సహీహ్ అనాలంటే గొలుసు ఎక్కడా తెగకూడదు. అందులో ప్రతి వ్యక్తీ నడవడిలో నమ్మదగినవాడై, విన్నది విన్నట్టు అప్పజెప్పగలవాడై ఉండాలి. తనకంటే గట్టివాళ్ళు చెప్పినదానికి విరుద్ధంగా ఉండకూడదు, లోపల దాగిన లోపమూ ఉండకూడదు. వీటికి సరితూగి, జ్ఞాపకశక్తి దగ్గర మాత్రం కాస్త తగ్గితే హసన్. ఆ స్థాయికీ రాకపోతే దయీఫ్ (ఉర్దూ ఉచ్చారణలో జయీఫ్). అబద్ధమాడేవాడు పుట్టించాడని తేలితే మౌజూ, అంటే కల్పితం.

ఇప్పుడు చైనా మాట గొలుసు చూడండి. ప్రవక్తకు మదీనాలో పదేళ్ళు సేవ చేసిన అనస్ ఇబ్న్ మాలిక్ దగ్గర మొదలవుతుంది. ఆ పేరుతో ఎవరికీ పేచీ లేదు. ఆయన నుంచి విన్నానన్నది అబూ ఆతికా, అతని నుంచి హసన్ ఇబ్న్ అతియ్యా. చిక్కంతా అబూ ఆతికా దగ్గరే. ఇతర విశ్వసనీయులెవరూ చెప్పని విషయాలు చెబుతాడని, ఆమోదించదగ్గవాడు కాదని ఇమామ్ బుఖారీ (మరణం 870) తేల్చారు. సిరీస్ సర్క్యూట్‌లో ఒక్క వైరు తెగితే బల్బు వెలగదు కదా, ఇదీ అంతే. అనస్ ఎంత గొప్పవారైనా లాభం లేదు. బైహకీ (మరణం 1066) ఈ మాట ప్రసిద్ధమేగానీ గొలుసు బలహీనమని రాశారు. ప్రసిద్ధి వేరు, ప్రామాణికత వేరు అన్న తేడా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఇబ్న్ అల్ జౌజీ (మరణం 1201) అయితే కల్పిత హదీసుల మీద రాసిన గ్రంథంలోనే దీన్ని చేర్చారు.

నాకు బాగా ఆసక్తి కలిగించింది దీని రెండో సగం. చైనా మాట వెనకే, జ్ఞానార్జన ప్రతి ముస్లింకూ విధి అన్న వాక్యం కూడా తరచుగా వస్తుంది. ఈ వాక్యం విడిగా ఇబ్న్ మాజా సంకలనంలోనూ ఉంది. అక్కడి గొలుసూ బలహీనమే. కానీ ఈ సగం చాలా వేర్వేరు దారుల్లో వచ్చింది. అవన్నీ కలిపి చూస్తే హసన్ స్థాయికి చేరుతుందని మిజ్జీ (మరణం 1341) అభిప్రాయపడ్డారు. సిరీస్‌లో లేని లాభం ప్యారలల్‌లో ఉంటుందన్నమాట. అయితే ఒక షరతు ఉంది. లోపం మతిమరుపు లాంటిదైతేనే ఒక దారి ఇంకోదాన్ని ఆదుకుంటుంది. అబద్ధాలకోరులు పదిమంది చెప్పినా బలం రాదు. అందుకే పక్కపక్కనే ఉన్న రెండు వాక్యాలకు రెండు వేర్వేరు గ్రేడులు పడ్డాయి.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. దయీఫ్ అంటే ప్రవక్త ఆ మాట అననే లేదని కొందరు రాస్తారు. అది తప్పు, అన్నారని రుజువు కాలేదని మాత్రమే అర్థం. సహీహ్ అన్నా నూటికి నూరుపాళ్ళు నిశ్చయమని కాదు, షరతులన్నీ నెరవేరాయని. ఈ రెండు జాగ్రత్తలూ 13వ శతాబ్దపు పండితుడు ఇబ్న్ అల్ సలాహ్ తన పాఠ్యగ్రంథంలోనే చెప్పారు. రెండోది, పుస్తకం పేరు చూసి నమ్మేయడం. బుఖారీ, ముస్లిం సంకలనాలు సహీహ్‌లకే ఉద్దేశించినవి. తిర్మిజీ, ఇబ్న్ మాజాల్లో బలహీనమైనవీ ఉన్నాయి.

ఈ వడపోతంతా నడిచేది ఉల్లేఖకుల జీవిత నిఘంటువుల మీద. వాటిలో పేరున్న ఇబ్న్ హజర్ తహ్జీబ్ అల్ తహ్జీబ్ 20వ శతాబ్దం తొలి దశాబ్దంలో 12 సంపుటాలుగా అచ్చయింది ఎక్కడో కాదు, హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్‌లో. కల్చర్ ఆన్సర్లలో వాడుకోవచ్చు.

ఎస్సేలో చైనా మాట వాడాలనుకుంటే “ప్రవక్త చెప్పారు” అని కాకుండా “ప్రవక్త మాటగా ప్రచారంలో ఉన్న, పండితులు బలహీనమన్న సూక్తి” అని రాయండి. అరలైను ఎక్కువ పడుతుంది, అంతే.