వాట్సాప్ బిజినెస్: క్విక్ రిప్లైలు, లేబుళ్లు

క్విక్ రిప్లైలు, లేబుళ్లు అనేవి 2018 జనవరిలో విడుదలైన వాట్సాప్ బిజినెస్ యాప్‌లో చిన్న వ్యాపారుల కోసం ఉన్న రెండు సదుపాయాలు. తరచూ పంపే జవాబులను 50 వరకు దాచుకోవచ్చు; ముందు `/` కొట్టి సంకేతపదం ఎంచుకుంటే ఆ జవాబు తెరమీదికి వస్తుంది. చాట్‌కు తగిలించే రంగు గుర్తు లేబుల్. అది కొనుగోలుదారుకు కనిపించదు.

లేబుళ్లను సరుకును బట్టి కాక పని దశను బట్టి పెట్టడం మేలు. చీరల దుకాణంలో 'పట్టు' అనే లేబుల్ ఎవరికి ఏం బాకీ ఉందో చెప్పదు. 'ధర అడిగారు', 'డబ్బు రావాలి', 'పార్సిల్ పంపాలి' అనేవి చెబుతాయి. ధర అడిగితే `/dhara`తో జవాబిచ్చి మొదటి లేబుల్, ఆర్డర్ ఖాయమైతే `/upi`తో చెల్లింపు వివరాలు పంపి రెండోది పెట్టాలి. డబ్బు అందాక మూడోది పెట్టాలి. దశ మారిన ప్రతిసారీ పాత లేబుల్‌ను చేత్తో తీసేయాలి. తీయకపోతే చెల్లించినవారికే మళ్లీ గుర్తుచేసే పొరపాటు జరుగుతుంది. ఒకే చాట్‌కు రెండు దశల లేబుళ్లుండటమే దానికి ఆనవాలు. దాచిన జవాబు యాంత్రికంగా ఉంటుందన్న అభ్యంతరం పాక్షికంగానే నిజం: పంపేముందు పేరు, రంగు, ధర చేర్చి దాన్ని దిద్దుకోవచ్చు. అందుకే మారే ధరలను అందులో రాయకుండా ఖాళీ వదలాలి.