పదో తేదీ మీటింగు

నేను కోడలిగా ఐరాలకు వచ్చిన కొత్తల్లో మా అత్తగారి వంటింటి గోడ మీద ఒక క్యాలెండరు ఉండేది. ప్రతి నెలా పదో తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉండేది. ఏదో వ్రతం అనుకున్నాను. అడిగితే నవ్వి, "వ్రతమే అనుకో, ఆ పొద్దు మీటింగు" అనింది. పొదుపు సంఘం మీటింగు.

పోయిన నెల మా ఇంట్లో ఒక కంతు తప్పింది. ఆ కథ చివర చెబుతాను. అది తప్పినప్పటి నుంచి ఈ ఎర్ర సున్నా గురించే ఆలోచిస్తున్నాను. నెలకొక తేదీ పెట్టుకుని, కట్టాల్సింది కట్టి, ఖర్చు చూసుకోవడం అనేది మన పల్లెటూరి ఇళ్లకు ఎప్పుడు వచ్చింది, ఎట్లా వచ్చింది అని.

మా అత్తగారి అత్త కాలంలో నెల అనే లెక్కే లేదంట. చెరుకు నరికి బెల్లం అమ్మితే దుడ్లు, చెనిక్కాయలు అమ్మితే దుడ్లు. అంగట్లో అప్పు, సంవత్సరానికి ఒకటి రెండుసార్లు తీర్చడం. లెక్క అంగడాయన పుస్తకంలో ఉండేది, మనింట్లో ఉండేది కాదు. ఇచ్చినానంటే ఇయ్యలేదంటారు, తీర్చినానంటే తీర్చలేదంటారు. తగువు ముదిరితే మా మండలంలోనే ఉన్న కాణిపాకానికి పోయి, వినాయకుడి ముందర ప్రమాణం చేసేవాళ్లు. అక్కడ అబద్ధపు ప్రమాణం చేస్తే దేవుడు ఊరుకోడని నమ్మకం. ఇప్పటికీ ప్రమాణాలకు జనం వస్తూనే ఉన్నారు. నాకు మాత్రం ఒకటి అనిపిస్తుంది. కాగితం మీద తేదీ, అంకె, సంతకం ఉండుంటే అందులో సగం మంది కొండంత దేవుణ్ణి అంత చిన్న పనికి పిలిచేవాళ్లు కాదేమో.

తర్వాత పాడి వచ్చింది. మా చిత్తూరు పక్క ఆవులు లేని ఇల్లు తక్కువ. పాల కేంద్రం వాళ్లు పదిహేను రోజులకొకసారి బిల్లు ఇచ్చేవాళ్లు. ఒకటి నుంచి పదిహేను దాకా పోసిన పాలకు ఇరవై ప్రాంతంలో, రెండో పదిహేనుకు వచ్చే నెల అయిదు ప్రాంతంలో. ఆడవాళ్ల చేతికి తేదీ ప్రకారం దుడ్లు రావడం మా ఇంట్లో అదే మొదలు. రాబడికి తేదీ వచ్చింది గానీ, కట్టడానికి ఇంకా రాలేదు. పాల బిల్లు వచ్చిన రోజు ఎవరు ముందు గడప తొక్కితే వాళ్లకే పోయేది.

కట్టడానికి తేదీ నేర్పింది సంఘం. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారాయి అంగళ్లను మూయించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది. సారాయికి పోయే దుడ్లు మిగిలితే ఏం చేయాలి అన్నప్పుడు వచ్చిందే రోజుకొక రూపాయి పొదుపు. నెలకు 30 రూపాయలు. అదే 1992లో నాబార్డు సంఘాలకు బ్యాంకు అప్పులిప్పించే పని దేశం మొత్తం మీద 500 సంఘాలతో మొదలుపెట్టింది. 2000లో వెలుగు పథకం మొదలైనప్పుడు తొలి ఆరు జిల్లాల్లో మా చిత్తూరు ఒకటి. మా అత్తగారి సంఘం ఆ తర్వాత ఏర్పడిందే.

వెలుగు వాళ్లు సంఘాలకు పంచసూత్రాలు అని నేర్పించారు. క్రమం తప్పకుండా మీటింగు, క్రమం తప్పకుండా పొదుపు, లోపల అప్పులిచ్చుకోవడం, తీసుకున్నది సమయానికి కట్టడం, పుస్తకాలు సరిగా రాయడం. చదువు రాని మా అత్త ఈ అయిదూ వేళ్ల మీద చెబుతుంది.

మీటింగు తేదీ ఎట్లా కుదిరిందో ఆమె చెబుతుంటే నాకు భలే అనిపించింది. మొదట్లో ఒకటో తేదీ పెట్టుకున్నారంట. నెల మొదలు కదా, బాగుంటుందని. మూడు నెలలు అందరూ బాకీనే. ఎందుకంటే ఒకటో తేదీ ఎవరి చేతిలోనూ దుడ్లు లేవు. పాల బిల్లు వచ్చేది అయిదు తర్వాత. ఒక్కోసారి రెండు రోజులు ఆలస్యం కూడా. అప్పుడు పదికి మార్చినారు. మనుషులు మారలేదు, తేదీ మారింది, బాకీలు పోయినాయి.

మీటింగులో జరిగేదానికి ఒక వరస ఉండేది. ముందు పోయిన నెల తీర్మానం చదవాలి. ఎవరు ఎంత తీసుకున్నారు, దేనికని చెప్పి తీసుకున్నారు. ఆవుకని తీసుకున్నది నగకు పోయిందా, అక్కడే బయటపడేది. తర్వాత ఈ నెల పొదుపు, తర్వాత కంతులు, ఆ తర్వాతే కొత్త అప్పు మాట. పాత లెక్క చదవకుండా కొత్త ఖర్చు మాట ఎత్తకూడదు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు జరిమానా. అంతా అయినాక పాసుబుక్కుల్లో రాసి, సంతకమో వేలిముద్రో.

తప్పితే ఏమవుతుందో కూడా చెప్పాలి కదా. మాకు వడ్డీ లెక్క నూటికి నెలకు ఇన్ని రూపాయలు అని. బయట 10,000 తెస్తే నూటికి రెండు రూపాయలు, అంటే నెలకు 200 వడ్డీ. బ్యాంకులో నూటికి రూపాయి పడిందనుకోండి, నెలకు 100. 2004లో పావలా వడ్డీ పథకం వచ్చింది. నూటికి పావలా, అంటే సంవత్సరానికి 3 శాతం. దానిపైన కట్టిన వడ్డీని ప్రభుత్వం వెనక్కి ఇచ్చేది. ఆ 100లో 75 తిరిగొచ్చినట్టు. 2012 జనవరి నుంచి వడ్డీ లేని రుణాలు అన్నారు. రెండిటికీ ఒకటే షరతు, కంతు సమయానికి కట్టి ఉండాలి. అప్పు సంఘం పేరు మీద ఉంటుంది కాబట్టి, ఒక్కరు తప్పితే అందరి వడ్డీకీ ముప్పు.

అందుకే మా అత్త ఏడో తేదీ సాయంత్రం పాలు పోసి, వీధి వెంట నడిచేది. ప్రతి ఇంటి ముందర ఆగి, "పదికి ఇంకా మూడు పొద్దులు ఉంది" అని చెప్పి వచ్చేది. పదో తేదీ పొద్దున గుర్తు చేస్తే ఏం లాభం? లేనిది ఆ పొద్దు ఎక్కడి నుంచి వస్తుంది? ఏడో తేదీ చెబితే, లేనామె రెండు కోళ్లయినా అమ్ముకుంటుంది, లేదంటే సంఘంలోనే ఒకరిని అడుగుతుంది. అడగడానికి మొహమాటపడే మనిషి ఎవరో ఈమెకు తెలుసు. ఆ ఇంట్లో కొంచెంసేపు కూర్చుని వచ్చేది.

వారం వారం కంతుల చేదు కూడా మా పక్క చూసినాము. ప్రైవేటు మైక్రోఫైనాన్సు వాళ్లు వారానికొకసారి వసూలు చేసేవాళ్లు. రాబడి పదిహేను రోజులకు, కంతు ఏడు రోజులకు. ఒక కంపెనీ కంతు కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర అప్పు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వసూళ్లను నెలవారీ చేసి, ఇంటి మీదికి రాకుండా ఆపింది. వడ్డీ గురించే అందరూ మాట్లాడినారు గానీ, ఆ తేదీలు రాబడికి కుదరకపోవడం కూడా అంతే దెబ్బ తీసిందని నేననుకుంటాను.

ఇప్పుడు నా కథ. మా ఆయన జీతం అయిదో తేదీ పడుతుంది. బండి అప్పు కంతు మూడో తేదీ అకౌంటు నుంచి దానంతటదే పోతుంది. రెండేళ్లుగా ఏదో మిగులుతో నడిచింది. పోయిన నెల పిల్లదాని ఫీజు కట్టినాము, మూడో తేదీకి అకౌంటులో 1,900 ఉంది, కంతు 4,150. చెల్లలేదు. అప్పిచ్చినవాళ్లు ఒక చార్జీ, బ్యాంకు ఇంకో చార్జీ, కలిపి 800 పైన. ఫోనులో గుర్తు పెట్టుకోలేదా అంటే, పెట్టుకున్నాను. మూడో తేదీ పొద్దున ఎనిమిదికి మోగింది కూడా. మోగేసరికి చేయడానికేమీ లేదు.

మా అత్త అంతా విని ఒకటే అడిగింది. "మీ పాల బిల్లు ఎప్పుడు?" జీతం గురించి అడుగుతోందని అర్థం కావడానికి నాకు నిమిషం పట్టింది.

కంతు తేదీ మార్చమని అర్జీ పెట్టుకున్నాను. నాలుగు రోజుల వడ్డీ ఒకసారి కట్టించుకుని ఏడుకు మార్చినారు. అన్నిచోట్లా మార్చరు, అడిగి చూడాలి. ఫోనులో గంట నాలుగో తేదీకి జరిపినాను, అకౌంటులో ఎంతుందో చూసుకోవడానికి. కరెంటు బిల్లు తేదీ మన చేతిలో లేదు. రీడింగు తీసే మనిషి వచ్చే రోజును బట్టి అటూ ఇటూ అవుతుంది. బిల్లు మీద రెండు తేదీలుంటాయి, కట్టాల్సిన గడువు ఒకటి, కరెంటు తీసేసేది ఇంకొకటి. మేము రెండోదాన్నే గడువు అనుకుని బతికినాము చాన్నాళ్లు. ఇప్పుడు బిల్లు చేతికొచ్చిన రోజే మొదటి తేదీని క్యాలెండర్లో రాస్తున్నాను.

ఫోను రీచార్జి అయితే ఇంకా తమాషా. 28 రోజుల ప్లాను నెల కాదు. ప్రతిసారీ రెండు మూడు రోజులు ముందుకు జరిగి, సంవత్సరానికి పదమూడుసార్లు వేయించుకుంటాం. నెల బడ్జెట్టు పన్నెండుతో వేసుకుంటే, పదమూడోది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. 2022లో ట్రాయ్, ప్రతి కంపెనీ నెల నెలా ఒకే తేదీకి వేయించుకునే ప్లాను కనీసం ఒక్కటైనా ఉంచాలని చెప్పింది. వెతికితే దొరుకుతుంది. నేను దానికి మారినాను.

ఇంక ఇరవై ఒకటో తేదీ నా మీటింగు. పోయిన నెల రాసుకున్నది ముందు చదవాలి, అదీ సంఘం వరసలోనే. తర్వాత ఫోనులో చెల్లింపుల చిట్టా తెరిచి, నా సొంత ఖర్చు మాత్రం ఒక కాగితం మీద దించుతాను. మొదటిసారి దించినప్పుడు చీరల కంతు 500 తెలిసిందే. తెలియనిది, 40, 60, 35 అని బేకరీలో, ఫ్యాన్సీ అంగట్లో పోయినవి. ఇరవై ఆరుసార్లు, మొత్తం 1,310. ఇరవై ఒకటినే ఎందుకంటే, నెలాఖరుకు చూస్తే అయిపోయిన పెళ్లికి బాజాలన్నట్టే. ఇంకా తొమ్మిది రోజులు ఉండగా చూస్తే ఏదో ఒకటి ఆపొచ్చు.

ఇది ఒక్కదాన్నే కూర్చుని చేస్తే రెండో నెలకే ఎగ్గొట్టేదాన్ని. అందుకని మా అత్త పక్కన కూర్చుని చదువుతాను. ఆమె ఏమీ అనదు, చిక్కుళ్లు వొలుస్తూ వింటుంది. మొన్న 35 రూపాయలు నాలుగోసారి చదివినప్పుడు మాత్రం తలెత్తి, "అదేమి అంగడమ్మే, నన్ను కూడా ఒకపొద్దు తీసుకోనిపో" అనింది.